స్వప్న స్ఖలనం: భయాలూ, నిజాలూ

ఆడపిల్ల పెద్దమనిషి అయితే మన ఇళ్ళలో ఆ సంగతి ఏదో ఒక రూపంలో అందరికీ తెలుస్తుంది. ఈ దేశం వచ్చాక సమర్త వేడుకలు చేసేవారు తగ్గారు కాని, తల్లి కూతురిని పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు మాటలు చెప్పడం మాత్రం మానలేదు. మగపిల్లవాడికి అటువంటి ఏర్పాటు మనలో ఎప్పుడూ లేదు. పదమూడేళ్ళ కుర్రవాడు ఒకనాడు తెల్లవారుజామున లేచేసరికి పైజమా తడిసి ఉంటుంది. అది మూత్రం కాదని వాడికి తెలుస్తూనే ఉంటుంది, ఏమిటో మాత్రం తెలియదు. దుప్పటి చుట్టచుట్టి మంచం కిందికి తోసేస్తాడు. తల్లి చూసీ చూడనట్టు తీసి ఉతికేస్తుంది. తండ్రికి సంగతి అర్థమవుతుంది కాని, తన తండ్రి తనతో ఎన్నడూ ఈ మాట ఎత్తలేదు కనుక తానెలా ఎత్తాలో తెలియక పేపరు చదువుతూ కూర్చుంటాడు.

అమెరికాలో చాలా బళ్ళలో ఐదో తరగతి ప్రాంతంలో పిల్లలను కూర్చోబెట్టి వయసుతో వచ్చే మార్పుల గురించి చెపుతారు. అక్కడ వాడు ఇది మామూలేనని వింటాడు. వేసవి సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు వరసకు బావ అయినవాడో, పక్కింటి అన్నో ఇంకో మాట చెపుతాడు: ధాతువు పోతోంది, ఒంట్లో సారమంతా పోతుంది, ముందు ముందు పెళ్ళికి పనికిరావు అని. రైలు కిటికీలోంచి చూస్తే గోడల మీద అదే మాట అడుగెత్తు అక్షరాలతో రాసి ఉంటుంది, కింద ఫలానా లాడ్జిలో ఫలానా తేదీన మందు ఇవ్వబడును అని. బడిలో విన్నది తెల్లవాళ్ళ సంగతి, ఇది మన సంగతి కాబోలు అనుకుంటాడు పిల్లవాడు.

వైద్యవృత్తిలో ఉన్న మేము కొందరం ఈ భయంతో వచ్చినవాళ్ళను, ఇక్కడ పుట్టిన పిల్లలనూ, చదువుకోసం కొత్తగా వచ్చిన కుర్రవాళ్ళనూ చూస్తూనే ఉన్నాము. వాళ్ళందరి ప్రశ్నా ఒకటే. నిద్రలో వీర్యం పోతే బలం పోతుందా? దీనికి "పోదు, భయపడకు" అని ఊరికే అంటే ఎవరూ నమ్మరు. అందుకని ఏమి జరుగుతుందో, ఎంత పోతుందో లెక్క కట్టి చూద్దాం.

రాత్రి ఏమి జరుగుతుంది?

తొమ్మిదికీ పద్నాలుగుకీ మధ్య ఏదో ఒక వయసులో మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి మగపిల్లవాడి వృషణాలకు కబురు పంపడం మొదలుపెడుతుంది. ముందుగా కనిపించే మార్పు గొంతు మారడం కాదు, మీసం రావడమూ కాదు, వృషణాలు పెరగడం. అవి రెండు పనులు మొదలుపెడతాయి. ఒకటి టెస్టోస్టిరోన్ అనే హార్మోనును తయారుచేసి రక్తంలోకి వదలడం. రెండవది వీర్యకణాలను తయారుచేయడం. ఒక వీర్యకణం పూర్తిగా తయారు కావడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. కాని పని ఒక్క రోజు కూడా ఆగదు. రోజుకు కోట్ల కొద్దీ కణాలు ఒక చివరనుంచి వస్తూనే ఉంటాయి. బయటికి పోని కణాలు పాతబడి ఒంట్లోనే కరిగిపోతాయి. వాటిని దాచి ఉంచే భోషాణం శరీరంలో లేదు.

వీర్యం అంటే మొత్తం ఈ కణాలే అనుకుంటారు చాలామంది. నిజానికి అందులో కణాల వంతు నూటికి రెండు నుంచి ఐదు పాళ్ళు మాత్రమే. మూడింట రెండు వంతుల ద్రవం మూత్రాశయం వెనకాల ఉండే రెండు చిన్న సంచుల్లాంటి గ్రంథులనుంచి వస్తుంది. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం ప్రోస్టేటు గ్రంథినుంచి వస్తుంది. నోట్లో లాలాజలం ఊరినట్టే ఈ గ్రంథులలో ద్రవం ఊరుతుంది.

ఇక నిద్ర సంగతి. మన నిద్ర రాత్రంతా ఒక తీరుగా ఉండదు. సుమారు గంటన్నరకు ఒకసారి ఒక ప్రత్యేకమైన దశ వస్తుంది. రెప్పల కింద కళ్ళు అటూ ఇటూ వేగంగా కదులుతాయి, కాళ్ళూ చేతులూ పూర్తిగా వదులవుతాయి, కలలు ఎక్కువగా వచ్చేది అప్పుడే. షికాగో విశ్వవిద్యాలయంలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే ఇద్దరు 1953లో ఈ దశను వర్ణించారు. ఈ దశ వచ్చినప్పుడల్లా మగవాడి అంగంలోకి రక్తప్రసారం పెరిగి అది గట్టిపడుతుంది. కలలో ఏముందన్న దానితో దీనికి సంబంధం లేదు. ఉయ్యాలలో ఉన్న పసివాడికీ జరుగుతుంది, తాతగారికీ జరుగుతుంది, రాత్రికి మూడు నుంచి ఐదు సార్లు జరుగుతుంది. తెల్లవారుజామున ఈ దశ ఎక్కువసేపు ఉంటుంది కనుక, నిద్ర లేచేటప్పటికి చాలామందికి అలాగే ఉండడం ఇందువల్లనే.

ఎదిగే వయసులో హార్మోన్ల జోరు మీద ఉన్న కుర్రవాడికి, ఈ దశలో ఒక్కోసారి వెన్నుపాము దగ్గర జరిగే చర్య చివరిదాకా సాగిపోతుంది. గ్రంథులు ఒక్కసారిగా బిగిసి ద్రవాన్ని బయటికి నెడతాయి. ఆ క్షణంలో మూత్రాశయం ద్వారం మూసుకుంటుంది, అందుచేత మూత్రం అందులో కలవదు. కొందరికి మెలకువ వస్తుంది, కొందరికి రాదు. కొందరికి ఏదో కల గుర్తుంటుంది, కొందరికి ఏ కలా గుర్తుండదు. దీనినే స్వప్న స్ఖలనం అంటున్నాము. కల వచ్చినా దానిని ఎవరూ కోరి తెచ్చుకోలేదు. కలలో పరీక్ష తప్పినవాడు నిజంగా తప్పనట్టే, కలలో వచ్చిన బొమ్మలకు పిల్లవాడి నడవడితో లంకె పెట్టకూడదు.

ఎన్నిసార్లు అయితే ఎక్కువ, ఎన్నిసార్లు అయితే తక్కువ అని అడుగుతారు. దీనికి గీత గీసి చెప్పే అంకె లేదు. వారానికి రెండుసార్లు అయ్యేవాళ్ళున్నారు, మూడు నెలలకొకసారి అయ్యేవాళ్ళున్నారు. ఒకే మనిషికి ఒక నెల నాలుగుసార్లు అయి తర్వాత రెండు నెలలు అసలు కాకపోవచ్చు. అమెరికాలో కిన్సే బృందం 1948లో ప్రకటించిన పరిశీలనలో, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది జరిగినవారు నూటికి 83 మందిదాకా తేలారు. ఎక్కువగా జరిగేది ఇరవై ఏళ్ళకు కాస్త అటూ ఇటూగా. అంటే ఎన్నడూ జరగనివారు కూడా కొందరున్నారన్నమాట. వారికీ ఏ లోపమూ లేదు.

ఎంత పోతుంది?

ఒకసారికి పోయే ద్రవం సాధారణంగా రెండు నుంచి ఐదు మిల్లీలీటర్లు. టీ చెంచాలో పట్టేది ఐదు మిల్లీలీటర్లు. లెక్కకు మూడు మిల్లీలీటర్లు అనుకుందాం, అంటే చెంచాడు కంటే తక్కువే. దుప్పటి మీద అరచేతంత మరక అయ్యేసరికి చాలా పోయినట్టు కనిపిస్తుంది కాని, చెంచాడు పాలు ఒలికినా మరక అంతే అవుతుంది.

అందులో చాలా వంతు నీరే. మాంసకృత్తులు నూరు మిల్లీలీటర్లకు సుమారు ఐదు గ్రాములుంటాయి. అంటే మన మూడు మిల్లీలీటర్లలో ఉండేది గ్రాములో ఏడో వంతు. ఒక కోడిగుడ్డులో ఆరు గ్రాముల మాంసకృత్తులుంటాయి. కనుక నలభై సార్లు పోయినదాన్ని ఒక్క గుడ్డు పూడుస్తుంది. నెలకు నాలుగుసార్లు అయ్యే కుర్రవాడికి పది నెలల నష్టం ఒక గుడ్డు. గుడ్డు తినని ఇళ్ళలో ఒక గిన్నెడు కందిపప్పు ఆ పని చేస్తుంది. కొద్దిగా చక్కెర, కొద్దిగా జింకు కూడా పోతాయి. వాటిని తిరిగి పోసుకోవడానికి మామూలు భోజనమే చాలు.

"అది సరే, నలభై బొట్ల రక్తం ఒక బొట్టు వీర్యం కదా" అంటారు. ఈ మాటను పరీక్షించడం కష్టం కాదు. అది నిజమే అయితే, మూడు మిల్లీలీటర్ల వీర్యం పోయినప్పుడల్లా 120 మిల్లీలీటర్ల రక్తం ఖర్చయి ఉండాలి. నెలకు నాలుగుసార్లయితే 480 మిల్లీలీటర్లు. ఇక్కడ రక్తదానం చేసినప్పుడు ఒకసారికి తీసుకునేది ఇంచుమించు అంతే, అలా ఇచ్చిన తర్వాత మళ్ళీ ఇవ్వాలంటే 56 రోజులు ఆగమంటారు. మరి మన కుర్రవాడు నెల నెలా అంత రక్తం పోగొట్టుకుంటూ ఉంటే, ఆరు నెలలలో వాడి హిమోగ్లోబిన్ పడిపోయి ముఖం పాలిపోవాలి. ఈ భయంతో వచ్చినవాళ్ళకు రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ పడిపోయి కనిపించడం అరుదు. కనిపించినా కారణం తిండిలోనో, కొంకిపురుగులలోనో, మరో జబ్బులోనో దొరుకుతుంది. నలభై బొట్ల లెక్క రక్తపరీక్ష దగ్గర నిలబడదు.

ఇంకో రుజువు మన ఊళ్ళలోనే ఉంది. కుటుంబ నియంత్రణ కింద వేసెక్టమీ ఆపరేషను చేయించుకున్న మగవాళ్ళలో వీర్యకణాలు బయటికి రావు, ఒంట్లోనే కరిగిపోతాయి. దాచుకుంటే బలం వచ్చేదయితే వాళ్ళందరూ పహిల్వానులు కావలసింది. కాలేదు, నీరసించనూ లేదు. ఆపరేషనుకు ముందు ఎలా ఉన్నారో తర్వాతా అలాగే పొలానికి వెళ్ళారు, ఆఫీసుకు వెళ్ళారు.

ఈ భయం ఎక్కడిది?

మన ప్రాచీన వైద్యంలో రసం, రక్తం, మాంసం, మేదస్సు, అస్థి, మజ్జ, శుక్రం అని ఏడు ధాతువులు చెప్పారు. తిన్న అన్నం వరసగా ఒకదాన్నుంచి మరొకటిగా మారుతూ చివరికి శుక్రం అవుతుందని భావన. మైక్రోస్కోపు లేని కాలంలో ఒంటిని అర్థం చేసుకోవడానికి వేసిన గొప్ప ప్రయత్నం అది. అన్నిటికంటే చివర తయారయ్యేది అన్నిటికంటే విలువైనదనీ, అది పోతే అన్నీ పోయినట్టేననీ జనం అనుకోవడం సహజం. కాని రక్తం ఎముకల మూలుగలో తయారవుతుందనీ, వీర్యద్రవం వేరే గ్రంథులలో ఊరుతుందనీ, ఒకటి మరొకటిగా మారదనీ ఇప్పుడు మనకు తెలుసు.

ఇది మనవాళ్ళ వెర్రి మాత్రమే అని పిల్లలు చిన్నబుచ్చుకోనక్కరలేదు. పద్దెనిమిదో శతాబ్దంలో స్విట్జర్లాండు వైద్యుడు తిస్సో, ఒక ఔన్సు వీర్యం పోవడం నలభై ఔన్సుల రక్తం పోవడం కంటే ఎక్కువ నీరసం చేస్తుందని పుస్తకం రాశాడు. అక్కడా అదే నలభై! పందొమ్మిదో శతాబ్దంలో ఫ్రాన్సులో లాలెమాన్ అనే వైద్యుడు దీన్ని ఒక జబ్బుగానే పేరు పెట్టి వర్ణించాడు. ఇంగ్లండులోనూ అమెరికాలోనూ దానికి మందులూ, పరికరాలూ అమ్మి సొమ్ము చేసుకున్నవాళ్ళు కోకొల్లలు. శాస్త్రం పెరిగేకొద్దీ అక్కడ ఆ జబ్బు పేరు పుస్తకాలలోంచి పోయింది.

మన దేశంలో ఈ భయంతో నలిగిపోయే యువకులను గమనించి, 1960లో డాక్టర్ ఎన్. ఎన్. విగ్ గారు దీనికి "ధాత్ సిండ్రోమ్" అని పేరు పెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1992లో ప్రకటించిన జబ్బుల జాబితాలో ఆ పేరు మానసిక వ్యాధుల విభాగంలో చోటు చేసుకుంది. అంటే నీరసం నిజమే, బాధ నిజమే, కాని దాని మూలం పోయిన ద్రవంలో లేదు, దాని చుట్టూ అల్లుకున్న భయంలో ఉంది. తెలుగులో డాక్టర్ జి. సమరం గారివంటి వారు పత్రికలలో ఏళ్ళ తరబడి ఇవే ప్రశ్నలకు ఓపికగా జవాబులు రాశారు. అయినా ప్రతి తరంలోనూ మళ్ళీ మొదటినుంచి చెప్పవలసే వస్తోంది.

ఒక కుర్రవాడి నోటుపుస్తకం

ఎవరో గుర్తుపట్టకుండా వివరాలు కొన్ని మార్చి ఒక కుర్రవాడి సంగతి చెపుతాము. కోస్తా జిల్లాలనుంచి ఎమ్మెస్ చదవడానికి వచ్చాడు, 22 ఏళ్ళు. రెండో సెమిస్టరులో మార్కులు పడిపోయాయి. ఎప్పుడూ నీరసం, నడుము నొప్పి, పుస్తకం తెరిస్తే అక్షరం ఎక్కదు. గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు: నెలకు మూడుసార్లు నిద్రలో పోతోంది, ఉదయం మూత్రం కూడా ఒక్కోసారి తెల్లగా వస్తోంది, ఒళ్ళంతా కరిగిపోతోందని. దానిని ఆపడానికి తెల్లవారుజామున మూడు గంటలకు అలారం పెట్టుకుని లేచి కూర్చుంటున్నాడు. రాత్రి భోజనం మానేశాడు. ఇంటినుంచి తెప్పించుకున్న లేహ్యం రెండు పూటలా తింటున్నాడు.

పరీక్షలు చేయించాము. హిమోగ్లోబిన్ 15 ఉంది, ఆ వయసు మగవాడికి అది మంచి అంకె. చక్కెర, థైరాయిడ్ సరిగా ఉన్నాయి. మూత్రంలో చీము కణాలు లేవు. తెల్లగా ఉన్న మూత్రాన్ని గాజు గొట్టంలో పట్టించి నాలుగు చుక్కలు వెనిగర్ వేస్తే, వాడి కళ్ళ ముందే తేటపడింది. అందులో తేలినవి ఫాస్ఫేటు లవణాలు. భోజనం తర్వాత మూత్రంలో ఆమ్లగుణం తగ్గినప్పుడు అవి విడిపోయి తెల్లగా కనిపిస్తాయి, ఆమ్లం తగిలితే కరిగిపోతాయి. చీమయితే అలా కరగదు. ధాతువు అని వాడు ఏడాదిగా ఏడుస్తున్నది ఈ లవణాన్ని చూసి. విరేచనం గట్టిగా అయి ముక్కినప్పుడు రెండు చుక్కలు జిగురుగా రావడం కూడా ఇటువంటిదే. ప్రోస్టేటు మీద ఒత్తిడి పడి ఊరిన ద్రవం బయటికి వస్తుంది, అంతే.

అయినా వాడికి పూర్తిగా నమ్మకం కుదరలేదు. అప్పుడు ఒక నోటుపుస్తకం ఇచ్చి, 28 రోజులు రోజూ మూడు సంగతులు రాయమన్నాము: రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయాడు, స్ఖలనం అయిందా లేదా, మర్నాడు నీరసం ఉందా లేదా. నాలుగు వారాల తర్వాత పుస్తకం ముందు పెట్టుకుని ముగ్గురం లెక్క వేశాము. స్ఖలనం అయిన రాత్రులు మూడు. నీరసంగా ఉన్న రోజులు 14. ఆ పద్నాలుగింటిలో 12 రోజులు, ముందు రాత్రి ఐదు గంటలకంటే తక్కువ నిద్రపోయినవి. స్ఖలనం అయిన మూడు రాత్రుల తర్వాత రెండు రోజులు హాయిగా గడిచాయి. మూడోది నీరసంగా గడిచింది, కాని ఆ రాత్రి కూడా అలారం కొట్టింది. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అలారమేనాండీ?" అన్నాడు.

రెండో నెల అలారం తీసేయమన్నాము, రాత్రి భోజనం చేయమన్నాము, లేహ్యం ఆపమన్నాము. ఆ నెల స్ఖలనాలు నాలుగయ్యాయి, మొదటి నెల కంటే ఒకటి ఎక్కువ. నీరసం రోజులు మాత్రం 14నుంచి ఐదుకు దిగాయి. బలం వీర్యంతో పోయేదయితే రెండో నెల వాడు ఇంకా చితికిపోవలసింది. ఈ పద్ధతిలో మందు లేదు, మాయ లేదు. ఇంటిదగ్గర ఎవరైనా చేసుకోవచ్చు. ఒకటే నియమం, ఏ రోజుది ఆ రోజే రాయాలి. నెలాఖరున గుర్తు తెచ్చుకుని రాస్తే, స్ఖలనం అయిన రోజుల నీరసమే గుర్తుంటుంది, మిగతా రోజులది మరచిపోతాము.

లేహ్యం ఆపమనడానికి కారణం ఉంది. బోస్టను చుట్టుపక్కల మన దేశపు సరుకుల కొట్లలో అమ్మే ఆయుర్వేద మందులు 70 రకాలు తెచ్చి పరీక్షిస్తే, 14 రకాలలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి కనిపించిందని 2004లో అమెరికన్ వైద్య పత్రిక ఒకటి ప్రచురించింది. అన్ని మందులూ అలాంటివే అని అర్థం కాదు. కాని సీసం ఒంట్లో చేరితే వచ్చేవి నీరసం, కడుపునొప్పి, రక్తహీనత. ఏ నీరసం పోగొట్టుకోవడానికి తిన్నాడో ఆ నీరసమే కొనితెచ్చుకున్నట్టు. అటువంటి మందు నెలల తరబడి తిన్నవాళ్ళు డాక్టరుకు ఆ సంగతి చెప్పి, రక్తంలో సీసం పరీక్ష చేయించుకోవాలి.

డాక్టరుకు చూపించవలసినవి ఏవి?

స్ఖలనం ఒక్కటే అయితే, అది ఎన్నిసార్లయినా డాక్టరుతో పని లేదు. దానితోపాటు మరొకటి ఉందా అన్నదే చూసుకోవాలి. మూత్రం పోసేటప్పుడు మంట ఉన్నా, మెలకువగా ఉన్నప్పుడు పసుపుపచ్చగా చీములాంటిది కారుతున్నా అది ఇన్‌ఫెక్షను కావచ్చు. వీర్యంలో రక్తం కనిపిస్తే, ఈ వయసులో చాలాసార్లు దానంతట అదే తగ్గిపోయేదే అయినా ఒకసారి చూపించాలి. పెద్ద పిల్లవాడు కొత్తగా పక్క తడపడం మొదలుపెట్టి, దాహం కూడా ఎక్కువగా ఉంటే చక్కెర పరీక్ష చేయించాలి. ఈ రెండూ కలగాపులగం చేయవద్దు. మూత్రమయితే పక్క వెడల్పుగా తడుస్తుంది, వాసన తెలుస్తుంది. వీర్యమయితే చిన్న మరక, ఆరితే గంజి పెట్టినట్టు బిరుసెక్కుతుంది. పద్నాలుగేళ్ళు నిండినా వృషణాలు పెరిగిన జాడ లేకపోయినా, తొమ్మిదేళ్ళ లోపే మార్పులు మొదలైనా పిల్లల డాక్టరుకు చెప్పాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటి ఉంది. వృషణంలో ఒక్కసారిగా విపరీతమైన నొప్పి వస్తే, వాంతి వచ్చినట్టుంటే, తెల్లవారేదాకా ఆగకూడదు. లోపల వృషణం మెలిపడి రక్తం ఆగిపోయి ఉండవచ్చు. సుమారు ఆరు గంటలలోగా ఆపరేషను జరిగితే దాన్ని కాపాడే అవకాశం ఎక్కువ, ఆలస్యమయ్యేకొద్దీ ఆ అవకాశం తరిగిపోతుంది. పన్నెండుకూ పద్దెనిమిదికీ మధ్య వయసులో ఇది ఎక్కువ. ఆ భాగం మాట ఇంట్లో ఎత్తడమే తప్పు అన్నట్టు పెరిగిన పిల్లవాడు, సిగ్గుతో కడుపునొప్పి అని చెప్పి రాత్రంతా ఓర్చుకుంటాడు. ఇంట్లో ముందుగా మాట్లాడి ఉండడం వలన నిజంగా ఒక అవయవం దక్కేది ఇక్కడే.

నీరసం, దిగులు వారాల తరబడి ఉంటే, ఏ పనిమీదా మనసు పోకపోతే, దాన్ని వీర్యం మీదికి నెట్టి ఊరుకోకూడదు. రక్తహీనత, థైరాయిడ్, నిద్రలేమి, మనోవ్యాకులత ఇవన్నీ అలాగే కనిపిస్తాయి, వీటన్నిటికీ చికిత్స ఉంది. బతకాలని లేదు అన్న మాట వస్తే మాత్రం ఆలస్యం వద్దు. అమెరికాలో 2022నుంచి 988 నంబరుకు ఎప్పుడు ఫోను చేసినా మాట్లాడేవారుంటారు.

ఇంట్లో ఏమని చెప్పాలి?

దీనికి ఉపన్యాసం అక్కరలేదు. పిల్లవాడికి పదకొండు పన్నెండేళ్ళు వచ్చేసరికి, అంటే మొదటిసారి జరగడానికి ముందే చెప్పడం మంచిది. ఎదురుగా కూర్చోబెట్టుకుంటే ఇద్దరికీ ఇబ్బంది, కారులో పక్క సీటులో ఉన్నప్పుడు తేలిక. తండ్రి ఇలా అంటే చాలు: "ఏరా, ఇంకో ఏడాదిలోనో రెండేళ్ళలోనో ఒక రాత్రి నిద్రలో నీ పైజమా తడవవచ్చు. అది ఉచ్చ కాదు, జబ్బూ కాదు. నాకూ అయింది, మీ మావయ్యకూ అయింది. లేచి బట్ట మార్చుకుని పడుకో. ఎన్నిసార్లయినా ఏమీ కాదు, కాకపోయినా ఏమీ కాదు. అక్కడ ఎప్పుడైనా నొప్పి వస్తే మాత్రం అర్ధరాత్రయినా సరే నన్ను లేపు." తండ్రి దగ్గర లేని ఇళ్ళలో తల్లి చెప్పినా, చిన్నాన్న చెప్పినా మాట అదే.

తల్లులకు ఒక చిన్న సంగతి. మరకను వేడినీళ్ళలో ఉతకవద్దు. అందులో ఉన్నది మాంసకృత్తు కనుక, గుడ్డు ఉడికినట్టు వేడికి గడ్డకట్టి బట్టను పట్టేస్తుంది. ముందు చన్నీళ్ళలో తడిపి, తర్వాత మామూలుగా ఉతికితే పోతుంది. ఈ కిటుకు పిల్లవాడికే నేర్పి, ఉతుకుడు మిషను ఎలా వేయాలో చూపిస్తే, దుప్పటి మంచం కిందికి తోసే అవసరం వాడికి ఉండదు. మర్నాడు ఎవరూ ఏమీ అడగకూడదు. చెల్లెలి ముందు నవ్వకూడదు.

ఇక ఊళ్ళో ఉన్న తమ్ముళ్ళూ, మేనల్లుళ్ళూ ఎవరైనా ఈ భయంతో ఉన్నారని తెలిస్తే, టానిక్కుకు డబ్బు పంపవద్దు. పైన చెప్పిన గుడ్డు లెక్క రాసి పంపండి, రక్తపరీక్ష ఒకటి చేయించుకోమనండి, 28 రోజులు నోటుపుస్తకం రాయమనండి. లాడ్జిలో ఫలానా తేదీన మందు ఇచ్చే ఆయన ఆ మూడింటిలో ఒక్కటి కూడా చేయించడు.